పితృపక్షంలో పదిహేను రోజుల ఈఎల్: ఒక సెలవు దరఖాస్తు కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ పని చేస్తున్నాను. సెలవు దరఖాస్తులు రోజూ నా ముందు నుంచే వెళ్తాయి. వాటిలో చాలావరకు రెండు క్లిక్కుల్లో తేలిపోతాయి. 2025లో వచ్చిన ఈ ఒక్కటి మాత్రం మూడు వారాలు పట్టింది. మధ్యలో నేనే ఒక తప్పు సలహా ఇచ్చాను. ఉద్యోగి అనుమతితో రాస్తున్నాను. ఎవరో తెలియకుండా ఉండడానికి కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

ఆయన టెస్ట్ లీడ్, అంటే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే టీమ్‌ని నడిపే మనిషి, వయసు నలభై దాటింది, కంపెనీలో ఆరేళ్లుగా ఉన్నారు. తండ్రికి డెబ్బై నాలుగేళ్లు. గయలో తన తండ్రికి పిండప్రదానం చేయాలని, అదీ పితృపక్షంలో ఆయన తిథి నాడే చేయాలని ఆ పెద్దాయన ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నారు. మోకాళ్లు ఇంక సహకరించేలా లేవని, ఈ ఏడాదే వెళ్దామని పట్టుబట్టారు. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేసే మొక్కు కూడా కలిసింది. తల్లిదండ్రులు, భార్య, ఎనిమిదో తరగతి చదివే కూతురు, ఆయన, మొత్తం ఐదుగురు.

ప్రాజెక్టు సంగతి చూస్తే, క్లయింట్ అమెరికాలో దుకాణాలు నడిపే సంస్థ. అక్కడ నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ వారం నుంచి క్రిస్మస్ దాకా అమ్మకాల హడావిడి. అందుకని అక్టోబర్ మధ్య నుంచే సిస్టమ్‌లో మార్పులు ఆపేస్తారు, దాన్ని కోడ్ ఫ్రీజ్ అంటారు. దానికి ముందు వెళ్లాల్సినవన్నీ సెప్టెంబర్‌లోనే వెళ్లాలి. ఆ ఏడాది షెడ్యూల్ ప్రకారం సెప్టెంబర్ 8 నుంచి 19 వరకు యూఏటీ, అంటే క్లయింట్ వాళ్లే కూర్చుని వాడి చూసే రెండు వారాలు. 27 శనివారం రాత్రి ప్రొడక్షన్‌లోకి, అంటే దుకాణాలు నిజంగా వాడే సిస్టమ్‌లోకి పంపడం.

2025లో పితృపక్షం సెప్టెంబర్ 8న మొదలై 21న మహాలయ అమావాస్యతో ముగిసింది. ఆయన అడిగింది 8 నుంచి 26 వరకు, పదిహేను పనిదినాల ఈఎల్, అంటే పనిచేసి సంపాదించుకున్న జీతంతో కూడిన సెలవు. ప్రాజెక్టులో అన్నిటికంటే బరువైన మూడు వారాలూ సరిగ్గా అవే.

సమస్య నా దగ్గరికి వచ్చేసరికి

మే నెలలో టీ తాగుతూ మేనేజర్‌తో అన్నారట, "సెప్టెంబర్‌లో అమ్మానాన్నలని కాశీ తీసుకెళ్లాలి, ఓ మూడు వారాలు పడుతుంది" అని. "చూద్దాం లెండి" అన్నారట ఆయన. అడిగినాయన దాన్ని సరే అన్నట్టు తీసుకున్నారు. మేనేజర్ మాత్రం ఆ మాట అప్పుడే మర్చిపోయారు.

రైల్వేలో ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ నుంచి నూట ఇరవై రోజుల బదులు అరవై రోజులే. సెప్టెంబర్ 5 ప్రయాణానికి జూలై 7న బుకింగ్ తెరుచుకుంది. పొద్దున ఎనిమిదింటికి కూర్చుని ఐదు థర్డ్ ఏసీ టికెట్లు చేసేశారు. 9న పోర్టల్‌లో సెలవు పెట్టారు. కారణం గడిలో ఉన్నది రెండే మాటలు: కుటుంబంతో తీర్థయాత్ర. 11న తిరస్కరణ వచ్చింది. అందులోనూ ఒకే వాక్యం: ఈ సమయంలో ప్రాజెక్టుకు మీరు అవసరం, తేదీలు మార్చుకోండి.

14వ తేదీ సోమవారం నా దగ్గరికి వచ్చారు. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. "మేడం, ఆరేళ్లలో వారం దాటి సెలవు తీసుకున్నది లేదు. యాభై రెండు ఈఎల్స్ ఉన్నాయి. నాన్నకి ఏం చెప్పమంటారు?"

మొదట నేను చేయించింది, అది ఎందుకు పనిచేయలేదు

ఆ యాభై రెండు అన్న అంకె నన్ను తప్పుదారి పట్టించింది. తెలంగాణ షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం 1988 ప్రకారం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి ఏడాదిలో పదిహేను రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. అలా అరవై రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. మా పాలసీలోనూ ఇవే లెక్కలు. జనవరి 1న మరో పదిహేను జమ అయితే ఆయన ఖాతా అరవై ఏడు అవుతుంది, అరవై దాటిన ఏడు పోతాయి. సంపాదించుకున్న సెలవు, పైగా వాడకపోతే పోయేది. దీన్నే ముందు పెట్టి మళ్లీ అడగమన్నాను. మెయిల్ నేనే సరిచూశాను, 16న పంపారు.

గంటలో జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది, కానీ దానికి మా దగ్గర బదులు లేదు. "మీ సెలవు మీదే, కాదనడం లేదు. అక్టోబర్ మధ్యలో ఫ్రీజ్ మొదలైతే మనకి పని ఉండదు. నవంబర్‌లో మూడు వారాలు కాదు, నాలుగు వారాలు తీసుకోండి. ఒక్క రోజు కూడా పోదు."

ఆ జవాబు చదివాక నా తప్పు నాకు అర్థమైంది. సంపాదించుకున్న సెలవు ఎన్ని రోజులన్న దాని మీదే ఉద్యోగికి హక్కు. ఏ రోజులన్నది యజమానితో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. మేము రోజుల సంఖ్య గురించి వాదించాం, ఆయనకి కావలసింది తేదీ. బ్యాలెన్స్ ఎంత పెద్దదైనా అది సెప్టెంబర్‌ని కాపాడదు. పైగా సెలవులు పోతాయన్న వాదన పెట్టి, నవంబర్ అనే మంచి దారి మేమే మేనేజర్ చేతికి ఇచ్చాం.

మొదటి మెయిల్లో ఆయన ఇంకో మాట కూడా ఇచ్చారు: ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్తాను, రోజూ సాయంత్రం కాల్‌కి వస్తాను అని. దీని మీద మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ "18న కాల్‌కి వస్తారా?" అని నేను అడిగితే ఏమీ చెప్పలేకపోయారు. ఆ రోజే తాతగారి తిథి, గయలో ఫల్గు నది దగ్గర మొదలుపెట్టి విష్ణుపాదం, అక్షయవటం దాకా తండ్రిని పట్టుకుని నడిపించాలి. ఎప్పటికి అవుతుందో పంతులుగారే చెప్పలేరు. వస్తానని చెప్పి రాకపోతే అసలు రానని చెప్పినదానికన్నా నష్టం, ఎందుకంటే ఆయన ఉంటారనుకుని ఆ పని ఇంకెవరికీ అప్పగించరు. ఆ మాట తీసేయమన్నాను.

మేనేజర్ భయం ఏమిటో కనుక్కోవడం

ఈ పని మొదట్లోనే చేయాల్సింది. 17న మేనేజర్‌తో అరగంట కూర్చున్నాను. సెలవు ఇవ్వండి అని అడగలేదు. ఆ మూడు వారాలు ఆయన లేకపోతే సరిగ్గా ఏ రోజు, ఏ పని ఆగుతుందో చెప్పమన్నాను.

మొదట "అన్నీ" అన్నారు. క్యాలెండర్ తెరిచి రోజుకో రోజు అడుగుతూ పోతే మూడు దగ్గర నిలిచింది. యూఏటీ మొదటి వారంలో క్లయింట్ తప్పులు కుప్పలుగా రాస్తాడు. ఏది నిజంగా తప్పో, ఏది వాళ్లు అడిగినట్టే ఉందో విడదీసి, దేనికి ఎంత తీవ్రత ఇవ్వాలో తేల్చాలి. ఆ నేర్పు టీమ్‌లో ఈయనకే ఉంది. రెండోది 26 శుక్రవారం సాయంత్రం, ప్రొడక్షన్‌కి వెళ్లాలా వద్దా అని నిర్ణయించే కాల్. మూడోది ప్రాజెక్టుకి సంబంధించింది కాదు. బతుకమ్మకి, దసరాకి ఊరెళ్తామని టీమ్‌లో ఇంకో ఇద్దరు అడిగి ఉన్నారు. ఒకరికి మూడు వారాలిచ్చి వాళ్లకి నాలుగు రోజులు కాదంటే ఏం మొహం పెట్టుకోవాలన్నది ఆయన బాధ.

పదిహేను రోజుల సమస్య కాస్తా ఒక వారం, ఒక కాల్, ఒక న్యాయం ప్రశ్నగా తేలింది.

యాత్రలో ఏది కదలదు, ఏది కదులుతుంది

ఇప్పుడు అదే పని ఇంటివైపు చేయాలి. "మీ యాత్రలో ఒక్క రోజు కూడా కదపలేనిది ఏది?" అని అడిగాను. ఇంటికెళ్లి తండ్రిని అడిగి వచ్చారు. తాతగారి తిథి ద్వాదశి. ఆ ఏడాది భాద్రపద బహుళ ద్వాదశి సెప్టెంబర్ 18. ఆ రోజు గయలో ఉండాలి. కదలనిది అదొక్కటే. కాశీలో తొమ్మిది రాత్రులు గయకి ముందే జరగాలని ఎవరూ అనలేదు. ప్రయాగ, కాశీ, గయ అనే వరుస పెద్దాయన మనసులో ఉంది కాబట్టి అలా వేసుకున్నారు, అంతే. వాళ్ల పురోహితుడిని అడిగితే ముందు కాశీలో దిగి గంగాస్నానం, దర్శనం చేసుకుని, ప్రయాగ చూసి, గయకి వెళ్లి కార్యం అయ్యాక మళ్లీ కాశీకి వచ్చి నిద్రలు చేసుకోమన్నారు. పెద్దాయన ఒప్పుకున్నారు.

ఆ ఒక్క మార్పుతో మొత్తం వెనక్కి జరిగింది. 13 శనివారం బయల్దేరడం, 18న గయ, 19 రాత్రి నుంచి 27 రాత్రి వరకు కాశీలో తొమ్మిది నిద్రలు, 28న తిరుగు రైలు, 29 రాత్రికి ఇల్లు, 30న విశ్రాంతి, అక్టోబర్ 1న ఆఫీసు. సెలవు 15 నుంచి 30 వరకు. శని, ఆదివారాలు మా పాలసీలో ఈఎల్ కింద లెక్కకి రావు కాబట్టి పన్నెండు పనిదినాలు. యూఏటీ మొదటి వారమంతా ఆయన సీట్లోనే ఉంటారు. ఇంకో మేలు కూడా జరిగింది. తెలంగాణలో బడులకి దసరా సెలవులు 21 నుంచి మొదలయ్యాయి. పాత ప్లాన్‌లో కూతురికి రెండు వారాల బడి పోయేది, కొత్తదాంట్లో ఒక్క వారమే.

కొత్త దరఖాస్తు

మెయిల్ ఇంగ్లిష్‌లోనే వెళ్లింది. దాని సారం ఇది. మొదటి పేరాలో కదలని తేదీ, దాని కారణం రెండు వాక్యాల్లో. తండ్రి వయసు గురించి ఒక్క మాటే, జాలి కోసం ఇంకేమీ రాయలేదు. ఆ తర్వాత ఒక చిన్న పట్టిక. తేదీ, ఆ రోజు పడే పని, ఎవరు చూస్తారు, వాళ్లకి కుదరకపోతే ఎవరు. అలా నాలుగు గళ్లు. చివర్లో ఒకే ఒక్క వాగ్దానం: 26 సాయంత్రం ఏడున్నరకి జరిగే నిర్ణయం కాల్‌లో ఫోన్ ద్వారా ఉంటాను, మిగతా రోజుల్లో అందుబాటులో ఉండను. ఆ రెండో సగం రాయడానికి ఆయన చాలా సంకోచించారు. అది లేకపోతే మొదటి సగానికి విలువ ఉండదని చెప్పి ఉంచాను.

మిగతా ఇద్దరి న్యాయం ప్రశ్న ఆయన తీర్చేది కాదు, నాది. దసరా అడిగిన ఇద్దరి తేదీలు, ఈయన తేదీలు ఒకే క్యాలెండర్‌లో పెట్టి, ఏ రోజూ ముగ్గురూ ఒకేసారి లేకుండా సర్ది మేనేజర్‌కి విడిగా పంపాను.

ఆ పట్టికలో తన బదులు చూడడానికి ఆయన పెట్టిన పేరు టీమ్‌లోని సీనియర్ టెస్టర్‌ది, నాలుగేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి. 24న మెయిల్ వెళ్లింది. 28న మేనేజర్ ఒక షరతుతో పోర్టల్‌లో ఆమోదించారు. సెలవుకి ముందు ఒక వారం ఆయన ఆఫీసులో ఉండీ లేనట్టుండాలి. అన్నీ ఆ అమ్మాయే నడపాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసుకోవాలి.

రిహార్సల్ వారం

ఈ షరతు నా ఆలోచన కాదు, మేనేజర్‌ది. నేను ఇప్పుడు అందరికీ చెప్పేది దీని గురించే. హ్యాండోవర్ కాగితం అప్పటికే పదకొండు పేజీలు ఉంది, బాగానే రాశారు. ఆగస్టు 18 నుంచి 22 వరకు ఆయన పక్క సీట్లో కూర్చుని, అడిగినా జవాబు చెప్పకుండా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయారు.

సోమవారం సాయంత్రమే మొదటిది బయటపడింది. ఒక తప్పు సరిచేశారు, మళ్లీ పరీక్షించారు, ఇక మూసేయాలి. తప్పుల లెక్క ఉంచే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో ఆమెకి ఆ బటనే కనిపించలేదు. మూసే అనుమతి లీడ్ పాత్రకి మాత్రమే ఉంది, దాన్ని ఇవ్వాల్సింది క్లయింట్ అడ్మిన్. అభ్యర్థన పెడితే వచ్చేసరికి ఆరు పనిదినాలు పట్టింది. ఇదే సెప్టెంబర్ 15న తెలిసి ఉంటే, 22 దాకా ఒక్క తప్పు కూడా మూయలేకపోయేవారు.

బుధవారం ఇంకోటి. గిఫ్ట్ కార్డుతో డబ్బు కట్టే దారిని పరీక్షించాలంటే టెస్ట్ కార్డు నంబర్లు కావాలి. అవి వాడేకొద్దీ అయిపోతాయి. అయిపోయినప్పుడు ఆయన అమెరికాలో ఒక వ్యక్తికి మెయిల్ పెడితే మర్నాటికి కొత్తవి వచ్చేవి. మూడేళ్లుగా అలవాటైన పని. అది తెలియజేయాల్సిన విషయమని ఆయనకి తట్టనే లేదు, పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. ఆమె కార్డులు అయిపోయి రెండు గంటలు కూర్చున్నాక ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నారు. చేతికి అలవాటైన పని కాగితం మీదికి రాదు. ఇంకొకరు చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఆ వారం చివరికి నోట్‌బుక్‌లో తొమ్మిది అంశాలు చేరాయి. వాటిలో ఏడు సెప్టెంబర్ మొదటి వారానికల్లా తీరాయి.

ఏం జరిగింది

యూఏటీ మొదటి వారం ఆయన ఉండి దాటించారు. రెండో వారం ఆమె నడిపింది. ఒక తప్పుకి ఆమె తీవ్రత తక్కువ వేసింది. వాపసు ఇచ్చినప్పుడు గిఫ్ట్ కార్డులో మిగిలిన మొత్తం తేడాగా చూపిస్తోంది. క్లయింట్ 23న అభ్యంతరం చెప్పాడు. సరిచేసి మళ్లీ పరీక్షించడానికి ఒకటిన్నర రోజు పోయింది. ఆయన ఉండి ఉంటే బహుశా మొదటే పట్టేవారు. ఈ నష్టాన్ని నేను దాచను, ఆ రోజు మేనేజర్ కూడా నన్ను అడిగారు. కానీ తేదీ జారలేదు. 26 సాయంత్రం కాశీలో సత్రం మేడ మీద నుంచి ఆయన కాల్‌లోకి వచ్చారు. నలభై నిమిషాలు పట్టింది. మిగతా పదకొండు పనిదినాలు ఎవరూ ఆయనకి ఫోన్ చేయలేదు. 27 రాత్రి అనుకున్నట్టే ప్రొడక్షన్‌లోకి వెళ్లింది.

సెలవు ఖాతా యాభై రెండు నుంచి నలభైకి వచ్చింది. జనవరిలో పదిహేను కలిసినా యాభై ఐదే, అరవై దాటలేదు. నేను మొదట గొడవ పెట్టించిన ఆ ఏడు రోజుల సమస్య దానంతటదే పోయింది.

పోయినది టికెట్ల దగ్గర. జూలై 7న చేసిన టికెట్లు రద్దు చేస్తే పోయింది మనిషికి 180 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. దెబ్బ అక్కడ తగల్లేదు. 13వ తేదీ ప్రయాణానికి బుకింగ్ జూలై 15నే తెరుచుకుంది. మా ఆమోదం 28న వచ్చింది. అప్పటికి అంతా వెయిటింగ్ లిస్ట్. మోకాళ్ల నొప్పులున్న మనిషిని దాని మీద నమ్మకం పెట్టి తీసుకెళ్లలేక వెళ్లేటప్పుడు వారణాసికి విమానం ఎక్కారు. ఖర్చు అనుకున్నదానికి ఎన్నో రెట్లు అయింది. తిరుగు ప్రయాణానికి మాత్రం 30న తెరవగానే దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో మొఘల్‌సరాయ్ నుంచి ఐదు బెర్తులూ దొరికాయి.

ఇప్పుడు నేను వేరేగా చేసేవి

పది రోజులు దాటే సెలవు ఎవరు అడగాలనుకున్నా ప్రయాణానికి తొంభై రోజుల ముందే పోర్టల్‌లో పెట్టమంటున్నాను. టికెట్లు అరవయ్యో రోజున తెరుచుకుంటాయి కాబట్టి, ఒకసారి కాదన్నా మార్చి అడగడానికి మధ్యలో నెల ఉంటుంది. టీ దగ్గర చెప్పిన మాటకి అదే రోజు రెండు వాక్యాల మెయిల్ పెట్టమంటున్నాను, "మీరు చూద్దామన్నారు, జూన్ 10లోగా మళ్లీ అడుగుతాను" అని. అప్పుడు చూద్దామన్నది సరే అన్న అర్థంలోకి జారిపోదు.

నా వరకు, బ్యాలెన్స్ ఎంత ఉందో చివర్లో చూస్తున్నాను. మొదటి ప్రశ్న కదలని తేదీ ఏదన్నదే. అది ఇద్దరినీ అడుగుతున్నాను, ఉద్యోగినీ మేనేజర్‌నీ. ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. బదులు చూసే మనిషే లేని చిన్న టీమ్‌లోనూ, కదలని రెండు తేదీలూ ఒకే రోజు పడినప్పుడూ ఎవరో ఒకరు వదులుకోవాల్సిందే. ఇక్కడ 18వ తేదీనే ప్రొడక్షన్ రాత్రి అయి ఉంటే నా దగ్గర మందు లేదు.

ఇంకొకటి ఉంది, అది ఆ అమ్మాయి నేర్పింది. ఆయన లేని రోజుల్లో ఆమె రెండు శనివారాలు పనిచేసింది, 20న, 27న. దాని గురించి మా పట్టికలో ఒక్క ముక్క లేదు. ఆయన సెలవు భారం ఎవరి మీద పడుతుందో అంత జాగ్రత్తగా రాసిన మేము, ఆమెకి తిరిగి ఏమిస్తామో రాయలేదు. అక్టోబర్ రెండో వారంలో తనే వచ్చి అడిగింది. రెండు రోజుల కాంప్ ఆఫ్ ఇచ్చాం, కానీ తను అడగాల్సి రావడమే నాకు నచ్చలేదు.

అదే నెలాఖరున ఆమె సంక్రాంతికి సెలవు పెట్టింది. ఊళ్లో పెద్దమ్మ కూతురి పెళ్లి కూడా ఉందట, తొమ్మిది పనిదినాలు. ఆ మెయిల్‌లోనూ అదే పట్టిక ఉంది. తేదీ, పని, ఎవరు, కుదరకపోతే ఎవరు. వాటి పక్కన తను ఐదో గడి కలిపింది. చూసినవాళ్లకి ఏ రోజు తిరిగి సెలవు, ఫిబ్రవరి తేదీలతో సహా. మేనేజర్ ఆ సాయంత్రమే ఆమోదించారు.